మూడు మీటర్ల నుంచి చదవగలిగే కాలేజీ పోస్టర్: 12×18 షీటులో తెలుగు అక్షరం ఎంత ఉండాలి?

కావలి డిగ్రీ

అందరికీ నమస్కారం. మాది కావలి దగ్గర డిగ్రీ కాలేజీ. డిసెంబర్ 20, శనివారం సాయంత్రం సాంస్కృతిక సంబరాలు పెట్టుకున్నాం, పోస్టర్ పని నాకప్పగించారు. సైజు 12×18 అంగుళాలు, డిజిటల్ ప్రింటు, ఆర్ట్ పేపర్ మీద. అంతకంటే పెద్దదానికి బడ్జెట్ లేదు. మెట్ల దగ్గర, క్యాంటీన్ గోడకి, లైబ్రరీ ఎదురుగా అంటిస్తాం. మా కారిడార్లో ఎదురు గోడకి ఆనుకుని నిలబడితే పోస్టర్‌కీ మనిషికీ మధ్య దూరం మూడు మీటర్లు ఉంటుంది, నడిచేవాళ్ళు ఆగకుండా అక్కణ్ణుంచే చదవగలగాలి అని మా మేడమ్ షరతు.

ఒక డ్రాఫ్ట్ చేశాం. వెనక కూచిపూడి డాన్సర్ ఫొటో నిండుగా, దాని మీద ఎర్ర అక్షరాలకి పసుపు స్ట్రోకు, పైన కాలేజీ పేరు, కింద అతిథుల ఫొటోలు, పోటీల లిస్టు, క్యూఆర్ కోడ్. స్క్రీన్ మీద అదిరింది. నిన్న కలర్ ప్రింటు తీసి గోడకి పెడితే డాన్సర్ కనిపిస్తోంది కానీ డేటు ఎవరికీ అందలేదు. అక్షరం ఎంత సైజు పెట్టాలి, ఏ ఫాంటు పెట్టాలి, ఎట్టా తేల్చుకోవాలి?

ఫ్లెక్స్ పని, ఒంగోలు

తమ్ముడూ సింపుల్. పది అడుగుల దూరానికి అంగుళం అక్షరం, ఇది బోర్డులు రాసే పెయింటర్ల కాలం నుంచి ఉన్న లెక్క. మూడు మీటర్లంటే పది అడుగులే. 72 పాయింట్లు ఒక అంగుళం కాబట్టి 72 పాయింట్ పెట్టు, బాగా లావుపాటి ఫాంట్ తీసుకో, చుట్టూ స్ట్రోకు ఇంకొంచెం పెంచు. పని అయిపోయింది. మేం రోజూ చేసేది ఇదే.

సిరామరక

పది అడుగులకి అంగుళం అన్నది మంచి లెక్కే, దాన్ని పట్టుకోండి. కానీ 72 పాయింట్ దగ్గరే తేడా కొడుతుంది. నేను నెల్లూరులో డీటీపీ, ప్రింటింగు పనిలో చాలా కాలంగా ఉన్నాను, మా షాపుకి వచ్చే పిల్లల ఫైళ్ళలో పదికి ఎనిమిదిసార్లు కనిపించేది ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఫాంటుకి 72 పాయింట్ అని ఇస్తే ఆ అంగుళం అక్షరం ఎత్తు కాదు. పైన గుడి, ఏత్వం, కింద ఒత్తులు, వాటికి కావలసిన ఖాళీ, అన్నీ కలిపి ఫాంటు తనకోసం ఉంచుకున్న గడి ఎత్తు అది. ఇంగ్లీషు కాపిటల్ అక్షరం ఆ గడిలో ఇంచుమించు ముప్పాతిక వంతు ఉంటుంది. తెలుగులో పైనా కిందా చోటు వదలాలి కాబట్టి అసలు అక్షరం ఇంకా చిన్నదవుతుంది, చాలా ఫాంట్లలో సగానికి అటూ ఇటూ. ఒక్కో ఫాంటుది ఒక్కో తీరు, అందుకే పాయింట్లు నమ్మకుండా స్కేలు పెట్టి కొలవాలి.

ఎట్టాగంటే, నువ్వు వాడే ఫాంటులో "వ" అనే అక్షరాన్ని 100 పాయింట్లలో టైప్ చేసి, 100 శాతం సైజులో మామూలు ప్రింటరు మీద తీయి. "ఫిట్ టు పేజ్" టిక్కు తీసెయ్యడం మరిచిపోవద్దు. తలకట్టు వదిలేసి అక్షరం ఒంటిని మాత్రం మిల్లీమీటర్లలో కొలువు. 16 మిల్లీమీటర్లు వచ్చిందనుకో, నీకు కావలసింది 25 మిల్లీమీటర్లు, అంటే 25ని 16తో భాగించి వందతో గుణిస్తే దాదాపు 156 పాయింట్లు. అదే 72 పాయింట్ పెట్టి ఉంటే అక్షరం పదకొండున్నర మిల్లీమీటర్లే వచ్చేది, సగం కూడా కాదు.

అంకెలు వేరే లెక్క. చాలా తెలుగు ఫాంట్లలో 1, 2, 3లు ఇంగ్లీషు అంకెల ఎత్తులోనే ఉంటాయి, అదే పాయింటులో పక్కనున్న తెలుగు అక్షరం కంటే పొడుగ్గా కనిపిస్తాయి. డేటుకి అది కలిసొస్తుంది.

కళ్ళద్దాల కొట్టు

గూడూరులో కంటి పరీక్షలు చేస్తాను, నా వైపు నుంచి ఒక మాట. చూపు 6/6 ఉన్నవాళ్ళు మూడు మీటర్ల నుంచి పోల్చుకోగలిగే అతి చిన్న అక్షరం దాదాపు 4.4 మిల్లీమీటర్లు. అది కూడా తెల్ల చార్టు మీద నల్ల అక్షరం, మంచి వెలుతురు, కదలకుండా కూర్చుని కళ్ళు చికిలించి చూస్తే. 6/12 చూపున్న పిల్లలకి దానికి రెట్టింపు కావాలి, 6/18 ఉన్నవాళ్ళకి మూడింతలు, అంటే 13 మిల్లీమీటర్లు. పవర్ ఉండీ అద్దాలు పెట్టుకోకుండా తిరిగే పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. కాబట్టి మూడు మీటర్ల నుంచి తెలియాల్సిన ఏ ముక్కా 13 కంటే తగ్గకూడదు, ముఖ్యమైనవి 25కి పైన ఉంటే నడుస్తూ కూడా అందుతాయి.

ఇంకోటి, తెలుగుకి ఇది ఎక్కువ అవసరం. చార్టులో అక్షరం ఎత్తుని అయిదు భాగాలు చేస్తే గీత మందం ఒక భాగం, సందు ఒక భాగం. మూడు మీటర్ల దగ్గర ఆ ఒక్క భాగం 0.9 మిల్లీమీటరు కూడా లేదు. అంటే ఒత్తుకీ అక్షరానికీ మధ్య సందు ఒక మిల్లీమీటరు లోపు ఉంటే మంచి చూపున్నవాళ్ళకి కూడా రెండూ అతుక్కుపోయినట్టే కనిపిస్తాయి. కనీసం రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదలండి.

సిరామరక

సార్ చెప్పింది బంగారం లాంటి మాట, లావు ఫాంటు, స్ట్రోకు పెంచమన్న సలహాకి జవాబు అందులోనే ఉంది. తమ్ముడూ, నీ టైటిల్లోనే పరీక్ష ఉంది చూడు. "సాంస్కృతిక" అన్న మాటలో స్కృ దగ్గర స కింద క ఒత్తు, దాని పక్కనే కిందికి దిగే ృ. లావుపాటి ఫాంటులో ఆ రెండింటికీ మధ్య సందు ముందే తక్కువ. దానికి తోడు నువ్వు మూడు మిల్లీమీటర్ల స్ట్రోకు వేశావనుకో, స్ట్రోకు సగం బయటికి వస్తుంది, పై అక్షరం నుంచి ఒకటిన్నర, ఒత్తు నుంచి ఒకటిన్నర, మూడు మిల్లీమీటర్ల సందు పూర్తిగా పూడిపోయింది. దూరం నుంచి స కింద ఒక పసుపు ముద్ద వేలాడుతుంది, అంతే. ద-ధ, బ-భ, డ-ఢ, ఇట్టాంటి జంటల్లో తేడా అంతా ఒక చిన్న గీతలో ఉంటుంది, స్ట్రోకు మొదట మింగేది దాన్నే.

రామభద్ర లాంటి బాగా లావుపాటి ఫాంటు ఒత్తుల్లేని చిన్న మాటకి బ్రహ్మాండంగా ఉంటుంది, "సంబరాలు" దాంట్లో వేసి చూడు. ఒత్తులున్న మాటకి నోటో సాన్స్ తెలుగు గానీ అనెక్ తెలుగు గానీ తీసుకుని సెమీబోల్డ్ దగ్గర ఆగితే సందులు నిలుస్తాయి. రెండూ ఉచితమే. స్ట్రోకు అసలు వద్దు.

ఫ్లెక్స్ పని, ఒంగోలు

స్ట్రోకు లేకపోతే ఫొటో మీద అక్షరం కనపడదన్నా, అందుకే కదా వేస్తాం. పెళ్ళి ఫ్లెక్సులకీ, పుట్టినరోజులకీ ఇదే పద్ధతి, ఇప్పటిదాకా ఎవరూ చదవలేదని అనలేదు.

బొమ్మలక్క

ఆరడుగుల ఫ్లెక్సు మీద అక్షరం జానెడు ఉంటుంది కాబట్టి అక్కడ చెల్లుతుంది అన్నా, 12×18 మీద చెల్లదు. అసలు స్ట్రోకు ఎందుకు కావాల్సి వచ్చిందో చూడండి, అక్షరం వెనక ఫొటో ఉంది కాబట్టి. డాన్సర్ నగల మీద తెల్లటి మెరుపు, జడ దగ్గర నలుపు, చీర దగ్గర ఎరుపు, ఒకే మాటలో మొదటి అక్షరం వెలుగు మీద, మూడోది చీకటి మీద పడుతుంది. ఏ రంగు పెట్టినా ఎక్కడో ఒకచోట మునుగుతుంది.

తమ్ముడూ, డాన్సర్‌ని తీసెయ్యమని నేననను, పోస్టర్‌కి ఆ బొమ్మే ప్రాణం. ఆమెని వెనక నుంచి తప్పించి ఒక పక్కకి తీసుకురా. కుడివైపు మూడో వంతులో చెయ్యి, ముఖం వచ్చేలా కటౌట్ చేసి నిలబెట్టు, మిగతా షీటంతా ఒకే చదునైన రంగు. ముదురు నీలం గానీ ముదురు మెరూన్ గానీ వేసి అక్షరాలు తెలుపు లేదా లేత పసుపు. లేత రంగు మీద ముదురు అక్షరాలైనా సరే.

ఎరుపు మీద ఆకుపచ్చ, నీలం మీద ఎరుపు పెట్టకు. రంగులు వేరైనా వెలుగు దాదాపు సమానం, దూరం నుంచి అంచులు కలిసిపోతాయి. ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియని కళ్ళున్న మగపిల్లలు కూడా ఉంటారు. తేల్చుకోవడం తేలిక, డిజైన్ స్క్రీన్‌షాట్ తీసి ఫోన్లోనే బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ పెట్టు. అక్షరం, నేపథ్యం రెండూ ఒకే బూడిద రంగులోకి వచ్చాయంటే ఆ జత పనికిరాదు.

వేదిక వెనక

మాకూ ఇదే టెన్షన్. మా కాలేజీ స్టేజీ వెనక 20×10 అడుగుల ఫ్లెక్సు వేయించాలి, చివరి వరస నుంచి చదవాలి. మూడు మీటర్ల లెక్క దానికి సరిపోతుందా? స్టేజీ మీదున్నవాళ్ళకి మూడు మీటర్లే కదా.

సిరామరక

స్టేజీ మీదున్నవాళ్ళు దాన్ని చదవరు, వాళ్ళ వీపు అటు ఉంటుంది. మీ చివరి వరస 30 మీటర్లుంటే వంద అడుగులు, పది అంగుళాల అక్షరం కావాలి. సూత్రం అదే, దూరం మార్చుకోండి. స్టేజీ ఫ్లెక్సుకి ఇంకో చిక్కుంది, కింది మూడో వంతు కుర్చీలకీ మనుషులకీ మరుగైపోతుంది, కాబట్టి రాతంతా పైకి జరపండి. ఇంతకంటే లోతుగా కావాలంటే వేరే థ్రెడ్ పెట్టండి, ఇక్కడ పోస్టర్ సంగతి పూర్తి చేద్దాం.

కావలి డిగ్రీ

అన్నా, 100 పాయింట్లలో ప్రింటు తీసి కొలిచాను. మా ఫాంటుకి సరిగ్గా మీరన్నట్టే 16 దగ్గర వచ్చింది. కానీ అన్నీ 25 మిల్లీమీటర్లు పెడితే షీటు చాలట్లేదు. కాలేజీ పేరు ఒక్కటే మూడు లైన్లు తినేస్తోంది. అతిథుల పేర్లు, పోటీలు, రూల్సు ఎక్కడ పెట్టేది?

సిరామరక

అన్నీ మూడు మీటర్ల నుంచి చదవాలని ఎవరన్నారు? దూరం నుంచి మనిషికి కావలసినవి నాలుగే: ఏం జరుగుతోంది, ఎప్పుడు, ఎన్ని గంటలకు, ఎక్కడ. ఆ నాలుగూ అందితే ఆసక్తి ఉన్నవాడు రెండడుగులు ముందుకొచ్చి మిగతాది చదువుకుంటాడు.

నీ కాలేజీ గోడ మీద నీ కాలేజీ పేరు పెద్దగా ఎందుకు? నిలబడ్డవాడికి తనెక్కడున్నాడో తెలుసు. పేరు పైన ఒకే లైనులో 9, 10 మిల్లీమీటర్లలో చాలు. పక్క ఊరి కాలేజీల్లో కూడా అంటిస్తుంటే అప్పుడు మాట వేరు.

షీటు ఎత్తు 457 మిల్లీమీటర్లు, వెడల్పు 305. పైనా కిందా 15 చొప్పున వదులు, కటింగులో అటూ ఇటూ పోతుంది. పైన కాలేజీ పేరుకి 20. తరవాత టైటిల్ రెండు లైన్లు, "సాంస్కృతిక" ఒక లైను, "సంబరాలు" ఒక లైను, అక్షరం 30 ఎత్తు, మొత్తం 120 వదులు. ఇంత ఎందుకంటే పై లైనులో క ఒత్తు, ృ కిందికి దిగుతాయి, అవి కింది లైను తలకట్ల మీద కూర్చోకూడదు. ఇంగ్లీషు అలవాటుతో లైన్లు దగ్గరగా లాగితే తెలుగు వెంటనే చిక్కుపడుతుంది.

దాని కింద డేటుకి 80. "20" అన్న అంకె ఒక్కటే 60 ఎత్తు పెట్టు, పక్కన "డిసెంబర్", దాని కింద "శనివారం" 22 చొప్పున. తరవాత "సాయంత్రం 4 గంటలకు", "కాలేజీ ఆవరణలో" రెండు లైన్లు, 16 నుంచి 18 ఎత్తు, వాటికి 75. ఇప్పటికి 325 అయింది. కింద 130 పైన మిగిలింది, లైన్ల మధ్య ఖాళీలు పోనూ వంద మిల్లీమీటర్ల పట్టీ వస్తుంది. అతిథులు, పోటీలు, క్యూఆర్ అన్నీ అందులో, 5 లేదా 6 మిల్లీమీటర్ల అక్షరాల్లో. అది మీటరు దూరం నుంచి చదివే భాగం.

క్యూఆర్ గురించి కూడా చెప్తాను, కోడు వెడల్పుకి ఇంచుమించు పదింతల దూరం నుంచి ఫోను పట్టుకుంటుంది. మూడు మీటర్ల నుంచి పట్టాలంటే 30 సెంటీమీటర్ల కోడు కావాలి, అది నీ షీటు వెడల్పంత. కాబట్టి ఆ ఆశ వదిలేసి 4, 5 సెంటీమీటర్లు పెట్టు, దగ్గరికొచ్చినవాడు స్కాన్ చేస్తాడు. చుట్టూ తెల్లటి ఖాళీ ఉంచు, ముదురు నేపథ్యం మీద తిరగేసి తెల్ల కోడు పెట్టకు, కొన్ని ఫోన్లు చదవవు.

కల్చరల్ కమిటీ

నేను ప్రకాశం జిల్లాలో ఒక కాలేజీలో లెక్చరర్‌ని, ఈ పనులు చూస్తుంటాను. లెక్కంతా బాగుంది కానీ అతిథుల ఫొటోలు వంద మిల్లీమీటర్ల పట్టీలో ఇమడవు. కరస్పాండెంట్ గారు, ప్రిన్సిపాల్ గారు, ముఖ్య అతిథి, గౌరవ అతిథులు, వరస తప్పినా సైజు తగ్గినా మాట పడేది విద్యార్థులు కాదు, మేము. ఆహ్వానించినవారిని గౌరవించడం కూడా పోస్టర్ పనిలో భాగమే అని నా అభిప్రాయం.

బొమ్మలక్క

సార్, గౌరవం విషయంలో మీతో వాదన లేదు. కానీ ఎనిమిది ముఖాలు పెడితే ఒక్కోటి మూడు సెంటీమీటర్లు వస్తుంది, మూడు మీటర్ల నుంచి ఎవరు ఎవరో పోల్చుకోలేం. ఆహ్వాన పత్రికలో, వాట్సాప్‌లో పంపే బొమ్మలో ఫొటోలు నిండుగా పెట్టి, గోడ పోస్టర్లో ముఖ్య అతిథి ఒక్కరి ఫొటో, మిగతావారి పేర్లు పెడితే ఎవరికైనా అభ్యంతరం ఉంటుందా?

కల్చరల్ కమిటీ

మా దగ్గర ఉంటుందమ్మా. ముఖ్య అతిథి ఒక్కరిదీ పెట్టి కరస్పాండెంట్ గారిది తీసేసే ధైర్యం నాకైతే లేదు. పేర్లు మాత్రమే పెడితే, అందరివీ ఒకే సైజులో, ఒప్పించే అవకాశం ఉంది. ఫొటో అంటూ మొదలైతే ఆగదు.

కావలి డిగ్రీ

మా మేడమ్‌ని అడగాలి సార్. పేర్లు మాత్రమే అన్నది నేను చెప్పగలను. ప్రింటుకి ఇచ్చేలోపు మూడు మీటర్ల సంగతి ఇంట్లోనే ఎట్టా చెక్ చేసుకోవాలి? ప్రతిసారీ కలర్ ప్రింటు తీయలేను.

సిరామరక

ప్రింటు అక్కర్లేదు. సైజు తగ్గిస్తే దూరం కూడా అదే వంతున తగ్గించు. ఫోన్లో పోస్టర్ మొత్తం కనిపించేలా పెట్టి తెర మీద దాని వెడల్పు స్కేలుతో కొలువు. 68 మిల్లీమీటర్లు ఉందనుకో, అసలు వెడల్పు 305, అంటే నాలుగున్నర రెట్లు చిన్నది. మూడు మీటర్లని నాలుగున్నరతో భాగిస్తే 67 సెంటీమీటర్లు. ఫోన్ని బల్ల మీద నిలబెట్టి టేపుతో 67 కొలిచి అక్కణ్ణుంచి చూడు. నువ్వు చూస్తే లాభం లేదు, నీకు డేటు ముందే తెలుసు. ఏమీ తెలియని ఒక ఫ్రెండ్‌కి మూడు సెకన్లు చూపించి ఫోను తిప్పేసి, ఏం ప్రోగ్రామ్, ఎప్పుడు, ఎక్కడ అని అడుగు. ఏది చెప్పలేకపోతే అది పెంచాలి.

ఫోను తెర తనే వెలుగుతుంది, గోడ మీద కాగితం వెలగదు. బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి చూడు. చివరికి ఒక్కసారి మాత్రం ఏ4 మీద నలుపు తెలుపులో ఎత్తు నిండేలా తీసి, అంటించబోయే గోడకే పెట్టి, రెండు మీటర్ల లోపు, 1.9 దగ్గర నిలబడి చూడు.

పెన్నా గట్టు

గోడ సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా. మా కాలేజీలో పోయినేడు పోస్టర్లకి గ్లాసీ లామినేషన్ చేయించారు. ఎదురుగా కిటికీ ఉన్న గోడ మీద మధ్యాహ్నం పూట పోస్టర్లో కిటికీయే కనపడేది, పక్కకి జరిగితే గానీ రాత తెలిసేది కాదు. లామినేషన్ కావాలంటే మ్యాట్ అడగండి. ఎత్తు కూడా చూసుకోండి, డేటు లైను కంటి ఎత్తులో ఉండేలా అంటించాలి, నోటీసు బోర్డు పైన ఖాళీ ఉందని అక్కడికెక్కిస్తే వంపుకి అక్షరాలు నొక్కుకుపోయినట్టు కనిపిస్తాయి.

కావలి డిగ్రీ

ఫోన్ పరీక్ష చేశాను. డాన్సర్‌ని పక్కకి తీసి, ముదురు మెరూన్ మీద లేత పసుపు అక్షరాలు పెట్టాను. హాస్టల్లో ముగ్గురికి చూపిస్తే డేటు, టైటిల్ ముగ్గురూ చెప్పారు. "సాయంత్రం 4" ఇద్దరు చెప్పారు, ఒకడు గంట చెప్పలేకపోయాడు. "కాలేజీ ఆవరణలో" ఎవరూ పట్టించుకోలేదు, ఎటూ ఇక్కడే కదా అన్నారు.

కళ్ళద్దాల కొట్టు

అయితే స్థలం లైను తగ్గించి ఆ చోటు టైముకి ఇవ్వు బాబూ. 4 అన్న అంకెని 35 దాకా పెంచితే ఆ మూడో అబ్బాయికి కూడా అందుతుంది. ఆ అబ్బాయిని కళ్ళు కూడా ఒకసారి చూపించుకోమను.

సిరామరక

స్థలం పూర్తిగా తీయకు, ఆడిటోరియమా మైదానమా అన్నది దగ్గరికొచ్చినవాడికి కావాలి.

ఫైలు ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త. మా ఏరియా షాపుల్లో చాలాచోట్ల అను ఫాంట్ల మీదే పని నడుస్తుంది, నీ యూనికోడ్ ఫాంటు వాళ్ళ సిస్టంలో ఉండకపోవచ్చు. తెరవగానే స్కృ విడిపోయి స్, క, ృ ముక్కలుగా పడతాయి, హడావిడిలో అట్టాగే ప్రింటయిపోతుంది. కోరల్ డ్రాలో చేసుంటే అంతా సెలెక్ట్ చేసి `Ctrl+Q` కొట్టు, ఇంక్‌స్కేప్ అయితే `Path > Object to Path`. అక్షరాలు బొమ్మలైపోతాయి, ఇక విరగవు. అచ్చుతప్పులు అంతకుముందే చూసుకో, తరవాత టైపు చేసి దిద్దలేవు, అందుకే అసలు ఫైలు వేరే దాచుకో. పీడీఎఫ్ ఇచ్చి, మొదటి షీటు ఒకటి తీయించి, స్కృ కింద సందు స్కేలుతో కొలిచాకే మిగతావి వేయమను. ముదురు మెరూన్ కాగితం మీద స్క్రీన్ కంటే నల్లగా వస్తుంది, లేత పసుపు అక్షరాలకి అది మంచిదే, డాన్సర్ చీర మాత్రం అందులో కలిసిపోతుందేమో చూసుకో.

ఫ్లెక్స్ పని, ఒంగోలు

చీర కలిసిపోతే కటౌట్ చుట్టూ సన్నటి తెల్ల స్ట్రోకు వెయ్యి తమ్ముడూ. అక్షరాలకి వద్దన్నారు, ఒప్పుకుంటా. బొమ్మకైతే స్ట్రోకు వెయ్యాల్సిందే అంటాను.

బొమ్మలక్క

నేనైతే స్ట్రోకు బదులు డాన్సర్ వెనక మెరూన్‌నే కాస్త లేత చేస్తాను, గుండ్రంగా, అంచులు మెత్తగా. అక్షరాల కిందికి మాత్రం ఆ లేత రంగు పాకకూడదు. రెండూ చేసి చూసుకో తమ్ముడూ, ఫోను 67 సెంటీమీటర్ల దూరంలో పెట్టి.

కావలి డిగ్రీ

రెండూ చేస్తానక్కా. మేడమ్ పేర్లు మాత్రమే పెట్టడానికి ఒప్పుకున్నారు, కానీ కరస్పాండెంట్ గారి ఫొటో ఒక్కటి ఉంచమంటున్నారు. అది కింది పట్టీలో ఎడమవైపు పెడితే క్యూఆర్ కుడివైపుకి జరపాలి. మొదటి షీటు వచ్చాక గోడ మీద ఫొటో తీసి ఇక్కడ పెడతాను.